అరికాలి మచ్చ గురించి డాక్టరు గారికో ఉత్తరం

"చాన్నాళ్లుగా ఉంది డాక్టరు గారూ, ఈమధ్య కాస్త పెరిగినట్టుంది." మచ్చ చూపించుకోవడానికి వచ్చినవాళ్లు చర్మవైద్యుల గదిలో తరచూ అనే మాట ఇది. చాన్నాళ్లంటే ఎన్నాళ్లు, కాస్త అంటే ఎంత అని అడిగితే రోగి, వెంట వచ్చినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. డాక్టరుకు కనిపించేది ఆ రోజు ఉన్న మచ్చ ఒక్కటే. నిరుడు అదెంత ఉందో ఆమెకు తెలిసే దారి లేదు. మచ్చ విషయంలో తేల్చాల్సిన మొదటి సంగతి మాత్రం అదే: అది మారుతోందా, మారుతుంటే ఎంత వేగంగా?

పుట్టుమచ్చ ప్రమాదకరమైనదా కాదా అని చూడటానికి న్యూయార్క్ విశ్వవిద్యాలయ వైద్యులు 1985లో నాలుగు గుర్తులు చెప్పారు. రెండు సగాలు ఒకేలా లేకపోవడం, అంచు వంకరటింకరగా ఉండటం, రకరకాల రంగులు కలగలిసి ఉండటం, అడ్డకొలత 6 మిల్లీమీటర్లు దాటడం. 2004లో ఐదోది చేరింది: కాలంతో పాటు మారడం. మొదటి నాలుగూ ఒక్క చూపులో కనిపిస్తాయి. ఐదోది ఒక్క చూపులో కనిపించేది కాదు. దాన్ని రోగి, రోగి ఇంటివాళ్లు మాత్రమే డాక్టరు ముందు పెట్టగలరు. అందుకు తేదీలున్న ఫోటోలు, ఒక పేజీ ఉత్తరం చాలు.

ఇక్కడ ఎంచుకున్నది అరికాలి మచ్చ. దానికి కారణముంది. మెలనోమా అనే చర్మ క్యాన్సర్ మన దేశంలో అరుదు. మారిన ప్రతి మచ్చా క్యాన్సర్ కాదు, చాలావరకు కాదు కూడా. కానీ మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటివాళ్లలో మెలనోమా వచ్చినప్పుడు ఎక్కువగా కనిపించే చోట్లు ఎండ తగిలే మొహం, వీపు కావు. అరికాలు, అరచెయ్యి, గోటి కింద. పైన చెప్పిన గుర్తులన్నీ ప్రధానంగా తెల్లతోలు వాళ్ల మచ్చలను చూసి రాసినవి. అరికాలి విషయంలో అవి అంతగా ఉపయోగపడవు. అరికాలిని ఎవరూ రోజూ చూసుకోరు కాబట్టి, చూసేసరికే ఆలస్యమవుతుంది. ఊరూరా తిరిగేవాళ్లను "నీకు అరికాల్లో పుట్టుమచ్చ ఉందా ఏంటి" అని అడగడమే తప్ప, నిజంగా అరికాలు తిప్పి చూసేది ఎవరు?

ఈ కింది ఉత్తరం మాదిరి కోసం రాసింది. అందులోని తల్లీకూతుళ్లు కల్పితం. వివరాలు మాత్రం ఇలాంటి మచ్చలు నిజంగా నడిచే తీరుకు తగ్గట్టే ఉన్నాయి.

"9 జూన్ 2025

డాక్టరు గారికి నమస్కారం.

మా అమ్మ వయసు 54. మిరప చేలో పని చేస్తుంది. పొలంలో ఎక్కువగా చెప్పుల్లేకుండానే నడుస్తుంది. ఎడమ అరికాలిలో, మడమ బయటి అంచున, చిటికెన వేలి వైపు ఒక నల్లమచ్చ ఉంది. గత పది నెలల్లో అది పెరిగింది. నాలుగు తేదీల ఫోటోలు పంపుతున్నాను.

ఫోటో 1, 22 ఆగస్టు 2024: తమ్ముడి పెళ్లిలో అమ్మకు పారాణి పెడుతున్నప్పుడు తీసింది. మచ్చ కోసం తీసింది కాదు. మడమ అంచున మచ్చ కనిపిస్తోంది. పక్కన కొలత లేదు. చుట్టూ ఎరుపు పారాణిదే.

ఫోటో 2, 15 జనవరి 2025: పండక్కి వెళ్లినప్పుడు మొదటిసారి గమనించి తీశాను. స్కేలు మీద సుమారు 5 మి.మీ. పొడవు, 4 మి.మీ. వెడల్పు. ఒకే రంగు.

ఫోటో 3, 6 ఏప్రిల్ 2025: 7 మి.మీ., 5 మి.మీ. వేళ్ల వైపు అంచు పల్చగా పాకినట్టుంది.

ఫోటో 4, 8 జూన్ 2025: 9 మి.మీ., 6 మి.మీ. మధ్యలో నలుపు, ఒక పక్క లేత గోధుమరంగు. మధ్యలో వేలికి కొద్దిగా ఎత్తు తగులుతోంది.

ఫిబ్రవరిలో ఆనెకాయ అనుకుని మందుల షాపులో ఇచ్చిన కార్న్ క్యాప్ నాలుగు రోజులు వేశాం. పైతోలు తెల్లగా ఊడింది, నలుపు పోలేదు. ఆ తర్వాత ఏమీ వెయ్యలేదు. గోరింటాకు నిరుటి ఆషాఢం తర్వాత పెట్టుకోలేదు. మే చివరి వారంలో ఒకసారి చెప్పుకు రక్తపు మరక అయింది. నొప్పి లేదు. దురద లేదు. ఆ చోట ముల్లు గుచ్చుకున్నట్టు అమ్మకు గుర్తుంది, ఎప్పుడో చెప్పలేకపోతోంది. గజ్జల్లో బిళ్ల కట్టలేదని అమ్మ అంటోంది, నేను చూడలేదు.

షుగరుకు మాత్రలు వాడుతోంది. రక్తం పల్చబడే మందులు వాడటం లేదు. చిన్నప్పటి నుంచి ఉన్న మచ్చ కాదని అమ్మ నమ్మకం. ఇంట్లో ఇంకెవరికీ ఇలాంటిది రాలేదు.

ఎప్పుడు తీసుకురమ్మంటారో చెప్పగలరు."

ఈ ఉత్తరంలో క్యాన్సర్ అన్న మాట లేదు. ఉండక్కర్లేదు కూడా. రాసినావిడ కళ్లతో చూసింది, స్కేలుతో కొలిచింది, తల్లి నోట విన్నది, ఈ మూడింటినీ విడివిడిగా రాసింది. గజ్జల సంగతి అమ్మ మాటగానే ఉంచి, తాను చూడలేదని చెప్పింది. చదివే డాక్టరుకు ఏ వాక్యం మీద ఎంత బరువు పెట్టవచ్చో దీంతో తెలుస్తుంది. గజ్జలు తానే తడిమి చూస్తారు, ఎందుకంటే కాలి మీది మెలనోమా ముందుగా పాకేది అక్కడి గ్రంథులకే.

మొదటి ఫోటో సంగతి చూడండి. మచ్చ కోసం తీయని ఫోటోనే ఒక్కోసారి అన్నిటికన్నా విలువైన సాక్ష్యం. పెళ్లి ఆల్బమ్, కాళ్లు కడిగిన వేడుక, పసిపిల్లాణ్ణి కాళ్ల మీద పడుకోబెట్టి నీళ్లు పోసిన ఫోటో, ఇలాంటి వాటిలో పాదాలు పడుతుంటాయి. పదో తరగతి సర్టిఫికెట్లో గుర్తింపు కోసం రాసే పుట్టుమచ్చలు కూడా తేదీ ఉన్న రికార్డే. అందులో ఆ మచ్చ ఉంటే, పదిహేనేళ్ల వయసుకే అది ఉందని తేలిపోతుంది. నలభై దాటాక కొత్తగా వచ్చిన మచ్చకూ, బడి రోజుల నుంచి ఉండి ఇప్పుడు కదిలిన మచ్చకూ డాక్టరు ఆలోచన ఒకేలా ఉండదు.

అందుకే ఇప్పటికే మారిన మచ్చను ఇంకో రెండు నెలలు ఫోటోలు తీసి చూద్దామని ఆగడం తప్పు. ఫోటోలు వెనక్కి వెతకడానికి, ముందుకు ఎదురుచూడటానికి కాదు. పై ఉత్తరం రాసినావిడ ఏప్రిల్లోనే కదలాల్సింది. 5 నుంచి 7 మిల్లీమీటర్లు కావడం, అంచు పాకడం చాలినంత కారణాలు. రక్తం కనిపించే దాకా ఆగనక్కర్లేదు.

ఇక కొలత. చాలామంది మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెడతారు. చిక్కేమిటంటే రూపాయి బిళ్లలన్నీ ఒకే సైజు కావు. పాతది 25 మిల్లీమీటర్లు, 2019 తర్వాత వచ్చింది 20. జనవరిలో ఒక బిళ్ల, జూన్‌లో ఇంకో బిళ్ల పెడితే పెరగని మచ్చ పెరిగినట్టు కనిపిస్తుంది, పెరిగింది తగ్గినట్టూ కనిపించవచ్చు. పిల్లల కంపాస్ బాక్సులోని స్కేలు చాలు. దాన్ని మచ్చకు ఆనించి, తోలుతో సమానంగా పెట్టాలి. మడమ గుండ్రంగా ఉంటుంది కాబట్టి స్కేలు గాల్లోకి లేచినా, ఫోను పక్కకు వాలినా అంకె తప్పుతుంది. ఎంత జాగ్రత్తగా తీసినా ఒక మిల్లీమీటరు అటూఇటూ పోతుంది. కాబట్టి 5 అన్నది 6 అయిందంటే దాని మీద ఏమీ తేల్చలేం. ఐదు నెలల్లో 5 అన్నది 9 అయిందంటే అది చెయ్యి వణికిన తేడా కాదు.

ఫోనును తోలుకు మరీ దగ్గరగా పెడితే బొమ్మ ఒంపు తిరుగుతుంది, ఫోను నీడ కూడా మచ్చ మీదే పడుతుంది. జానెడు దూరంలో ఉంచి, కొద్దిగా జూమ్ చేసి, కిటికీ పక్క పగటి వెలుగులో తీయడం మేలు. ఫ్లాష్ వద్దు. అరికాలి తోలు మెరిసి మచ్చ మధ్యలో తెల్లటి చుక్క పడుతుంది. మొహాలను నున్నగా చేసే బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉంటే అంచులన్నీ చెరిగిపోతాయి. ప్రతిసారీ మూడు తీయాలి. పాదమంతా కనిపించేది ఒకటి, ఎక్కడుందో తెలియడానికి. స్కేలుతో దగ్గరిది ఒకటి. వెలుగు పక్కనుంచి పడేలా ఇంకొకటి, ఎత్తు ఉందో లేదో తెలియడానికి.

రంగు విషయంలో ఫోటోను అంతగా నమ్మకూడదు. ఒకే మచ్చ ట్యూబ్‌లైట్ కింద ఒకలా, ఎండలో ఇంకోలా పడుతుంది. ఫోను తనంతట తానే రంగులు సర్దుతుంది. పక్కన తెల్ల కాగితం ముక్క పెడితే, కాగితం పసుపుగా పడిన ఫోటోలో మచ్చ రంగు కూడా తేడాగా ఉందని డాక్టరు గ్రహిస్తారు. రెండు ఫోటోలను పోల్చి "ముదిరింది" అని రాసేకన్నా, ఒకే ఫోటోలో రెండు రంగులున్నాయా అని చూసి రాయడం నమ్మదగిన పద్ధతి. ఉత్తరంలో ఫోటో 4 గురించి రాసింది సరిగ్గా ఇదే.

తేదీల దగ్గర ఒక పొరపాటు దాదాపు అందరిదీ. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో ఆండ్రాయిడ్ ఫోనులో `IMG-20250609-WA0007.jpg` లాంటి పేరుతో చేరుతుంది. ఆ పేరులోని తేదీ ఫోటో తీసిన రోజుది కాదు, అది ఆ ఫోనుకు చేరిన రోజుది. జనవరిలో తమ్ముడు తీసిన ఫోటోను జూన్‌లో అక్కకు పంపితే దానికి జూన్ తేదీ పడుతుంది. మామూలుగా పంపినప్పుడు వాట్సాప్ ఫోటోను కుదించి, లోపల దాగి ఉండే తీసిన తేదీని కూడా తీసేస్తుంది. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫైలు యథాతథంగా వెళ్తుంది. స్క్రీన్‌షాట్ తీసి పంపినా ఇదే నష్టం. తీసిన ఫోనులోనే గ్యాలరీ వివరాలు తెరిచి, అక్కడ కనిపించే తేదీని ఉత్తరంలో చేత్తో రాయాలి. ఫోటో మీద ఎర్ర గీతలు, బాణాలు గీయకుండా అసలుది విడిగా ఉంచాలి.

కార్న్ క్యాప్ వేశామని ఒప్పుకోవడానికి ఇంటివాళ్లు మొహమాటపడతారు. డాక్టరు తిడతారని దాస్తారు. కానీ ఆ ఒక్క వాక్యం లేకపోతే ఉత్తరం దారి తప్పిస్తుంది. కార్న్ క్యాప్‌లో ఉండే సాలిసిలిక్ ఆమ్లం తోలును పొరలు పొరలుగా కరిగిస్తుంది. మచ్చ ఆకారం, పైతోలు మారిపోతాయి. మచ్చ తనంతట తాను మారిందా, మందు వల్ల మారిందా అని ఆ వాక్యంతోనే తెలుస్తుంది. సున్నం పెట్టినా, పసరు రాసినా, బ్లేడుతో గీసినా అంతే, రాయాలి. గోరింటాకు సంగతీ ఇందుకే. అరికాలికి పట్టిన రంగు డాక్టరు చూసే పరికరం కింద మెలనోమా గీతల్లా కనిపించగలదు. ఆషాఢం వచ్చిందని పరీక్షకు ముందు అరికాళ్లకు గోరింటాకు పెట్టుకోకపోవడం మంచిది.

ముల్లు సంగతి కూడా అంతే ముఖ్యం, ఇంకో కారణంగా. కాలికి ఏ మచ్చ వచ్చినా ఏదో ఒక దెబ్బ గుర్తుకొస్తుంది, ఎందుకంటే కాలికి దెబ్బలు తగులుతూనే ఉంటాయి. జమైకా గాయకుడు బాబ్ మార్లే బొటనవేలి గాయాన్ని ఫుట్‌బాల్ దెబ్బగానే అనుకున్నారు. 1977లో అది గోటి కింది మెలనోమా అని తేలింది. 1981 మేలో, 36 ఏళ్లకే ఆయన చనిపోయారు. దెబ్బ తగిలితే తగిలిందని రాయాలి. దానివల్లే మచ్చ వచ్చిందని మనమే తేల్చి రాయకూడదు. రక్తం గడ్డకట్టి నల్లబడిన మచ్చయితే తేదీల ఫోటోలే ఆ సంగతి చెబుతాయి. అరికాలి తోలులో చిక్కుకున్న రక్తం పైకి జరిగి కొన్ని వారాల్లో పొట్టుతో పాటు రాలిపోతుంది. కాలి గోరు నెలకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు పెరుగుతుంది కాబట్టి, గోటి కింది రక్తం అంతే మెల్లగా కొసవైపు జరుగుతూ వెనక శుభ్రమైన గోరును వదులుతుంది. మొదలు నుంచి కొస దాకా ఉన్న నల్లగీత అలాగే ఉండి వెడల్పవుతున్నా, నలుపు గోటి చుట్టూ ఉన్న తోలులోకి పాకినా అది రక్తం కాకపోవచ్చు.

ఉత్తరం అందాక డాక్టరు చేసే పని డెర్మోస్కోప్‌తో చూడటం. దీపం అమర్చిన భూతద్దం అనుకోవచ్చు, పది రెట్లు పెద్దది చేసి తోలు లోపలి రంగును చూపిస్తుంది. అరికాలి తోలు దుక్కి దున్నిన చేనులా ఉంటుంది, గట్లూ సాళ్లూ పక్కపక్కన సాగుతుంటాయి. చెమట రంధ్రాలు తెరుచుకునేది గట్ల మీద. మామూలు పుట్టుమచ్చ అయితే నలుపు ఎక్కువగా సాళ్లలో సన్నటి గీతలుగా కనిపిస్తుంది. మెలనోమాలో నలుపు గట్ల మీదికెక్కి, వెడల్పు పట్టీలుగా పరుచుకుంటుంది. జపాన్‌లో తొషియాకి సైదా బృందం ఈ తేడాను బయటపెట్టింది. అక్కడి ప్రజల్లోనూ మెలనోమా పాదాల్లోనే ఎక్కువ. నలుపు గట్ల మీదుంటే మచ్చ ఎంత చిన్నదైనా ముక్క తీసి పరీక్షించాలి. గట్లా సాళ్లా అని తేలని మచ్చ 7 మిల్లీమీటర్లు దాటితే అప్పుడూ ముక్క తీయాలన్నది వాళ్ల పద్ధతి. మన ఉత్తరంలోని మచ్చ 9 మిల్లీమీటర్లు. ఏప్రిల్లో 7 దగ్గర ఉంది.

డెర్మోస్కోప్ అనుమానాన్ని పెంచుతుంది లేదా తగ్గిస్తుంది. తేల్చేది మాత్రం బయాప్సీయే. వీలైతే మచ్చ మొత్తాన్ని సన్నటి అంచుతో సహా తీస్తారు. అరికాలిలో, మచ్చ పెద్దదైనప్పుడు, ఎత్తుగా లేదా బాగా నల్లగా ఉన్న చోటు నుంచి ముక్క తీస్తారు. ఆ ముక్కను ఫార్మలిన్‌లో వేసి ప్రయోగశాలకు పంపేటప్పుడు వెంట ఒక కాగితం వెళ్తుంది. ఉత్తరంలోని వాక్యాలు మళ్లీ పనికొచ్చేది అక్కడే. అరికాలి మామూలు మచ్చలు కూడా సూక్ష్మదర్శిని కింద ఒక్కోసారి భయపెట్టేలా కనిపిస్తాయి. వయసు 54, ఐదు నెలల్లో 5 నుంచి 9 మిల్లీమీటర్లు, ఫిబ్రవరిలో కార్న్ క్యాప్, మేలో రక్తం అని తెలిస్తే పాథాలజిస్టు చూపు అందుకు తగ్గట్టు పదునెక్కుతుంది. ఆ చివరి ఫోటో ప్రింటు కూడా జతచేస్తే, ముక్క మచ్చలో ఏ వైపు నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

మెలనోమా అని వస్తే రిపోర్టులో చూడాల్సిన అంకె ఒకటుంది, లోతు. అలెగ్జాండర్ బ్రెస్లో అనే అమెరికా పాథాలజిస్టు 1970లో చెప్పిన కొలత ఇది. మచ్చ ఎంత వెడల్పు ఉందన్నదానికన్నా తోలులోకి ఎన్ని మిల్లీమీటర్లు దిగిందన్నదే ముఖ్యం. ఒక మిల్లీమీటరు లోపు దిగితే చుట్టూ ఒక సెంటీమీటరు మంచి తోలుతో కలిపి తీస్తారు. రెండు మిల్లీమీటర్లు దాటితే రెండు సెంటీమీటర్లు. లోతు పెరిగేకొద్దీ గజ్జల్లోని గ్రంథినీ పరీక్షించాల్సి వస్తుంది. ఏప్రిల్‌కూ జూన్‌కూ మధ్య రెండు నెలల ఆలస్యం బయటికి రెండు మిల్లీమీటర్ల వెడల్పుగా కనిపిస్తుంది. లోపలికి ఎంత దిగిందో ఏ ఫోటో చెప్పదు. నాకు ఈ విషయంలో గట్టిగా చెప్పాలనిపించేది ఇక్కడే: మారుతున్న మచ్చను పార్లర్‌లోనో మరోచోటో లేజర్‌తో, కరెంటుతో కాల్పించుకోకండి. కాల్చేస్తే పరీక్షకు ముక్క మిగలదు, లోతు కొలవడానికి ఏమీ ఉండదు. పైన నలుపు పోయి, కింద ఉన్నది అలాగే ఉండిపోవచ్చు.

క్యాన్సర్ కాదు, మామూలు మచ్చే అని రిపోర్టు వచ్చినా ఉత్తరాన్ని పారేయకూడదు. మచ్చలో కొంత భాగమే తీసి ఉంటే, మానిన గాయం మీద నలుపు మళ్లీ రావచ్చు. అలా తిరిగొచ్చిన మామూలు మచ్చ వంకర అంచులతో, అచ్చం మెలనోమాలా కనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు దాన్ని చూస్తే, పాత కథ తెలియక కంగారుపడొచ్చు. పాత రిపోర్టు చేతిలో ఉంటే సరిపోల్చుకోవచ్చు. రిపోర్టు మీద ఉండే బయాప్సీ నంబరును బట్టి ప్రయోగశాలలో మైనంలో దాచిన ఆ ముక్కను మళ్లీ బయటికి తీయించి చూపించవచ్చు కూడా. అందుకే తర్వాతి ఉత్తరంలో ఫోటో 5 ముందు ఒక వాక్యం చేరాలి: ముక్క తీసిన తేదీ, ఏ వైపు నుంచి తీశారు, రిపోర్టు నంబరు, రిపోర్టు ప్రతి జత చేశాం అని.